పెంపుడు కుక్కల గ్రూమింగ్‌కు ధర కట్టడం: నిమిషాల లెక్క

ముప్పై కిలోల లాబ్రడార్‌కు స్నానం చేయించి, ఆరబెట్టి, గోళ్ళు తీసి పంపడానికి అయ్యే ధర కంటే ఆరు కిలోల షీట్జూకు బొచ్చు కత్తిరించే ధర ఎక్కువ ఉందని తెలిసినప్పుడు చాలామంది యజమానులు ఎక్కడో పొరపాటు జరిగిందనుకుంటారు. గ్రూమింగ్ కేంద్రాల ధరల పట్టికలు సాధారణంగా చిన్న జాతి, మధ్యరకం జాతి, పెద్ద జాతి అనే వరుసలతో మొదలవుతాయి కాబట్టి, కుక్క పెద్దదైతే బిల్లు కూడా పెద్దదవుతుందనే అభిప్రాయం సహజంగానే ఏర్పడుతుంది. నిజానికి ఆ వరుసలు సమయాన్ని ముందుగా అంచనా వేయడానికి పనికొచ్చే గుర్తులు మాత్రమే. గ్రూమర్ అమ్ముకునేది నైపుణ్యంతో కూడిన తన సమయాన్ని. పరిమాణం, బొచ్చు రకం, బొచ్చు స్థితి, జంతువు ప్రవర్తన అనే నాలుగూ ఆ సమయం మీద ఎలా ప్రభావం చూపుతాయో విడివిడిగా అర్థమైతే తప్ప, అదనపు రుసుములలో ఏది న్యాయమో ఏది కాదో తేల్చడం కష్టం.

పైన చెప్పిన రెండు కుక్కలనే తీసుకుందాం. లాబ్రడార్ వచ్చినప్పుడు చర్మం, చెవులు, పంజాలు పరీక్షించి యజమానితో మాట్లాడటానికి పది నిమిషాలు, గోళ్ళు, చెవుల పనికి మరో పది, రెండుసార్లు షాంపూ పట్టించి కడగడానికి ఇరవై, బ్లోయర్‌తో ఆరబెడుతూ ఊడిన బొచ్చును బయటికి తీయడానికి ముప్పై, చివరి పరిశీలనకు ఐదు, మొత్తం 75 నిమిషాలు పడతాయి. షీట్జూకు పరీక్ష, గోళ్ళు, చెవులు, చివరి పరిశీలన కలిపి అదే 25 నిమిషాలు. స్నానానికి పది చాలు. అయితే స్నానానికి ముందు దువ్వడానికి పది, ఆరబెడుతూ వెంట్రుకను తిన్నగా సాగదీయడానికి ఇరవై, ఒంటి మీద క్లిప్పర్ నడపడానికి ఇరవై, ముఖం, పాదాల దగ్గర కత్తెర పనికి మరో ఇరవై కావాలి. ఆ లెక్కన 105 నిమిషాలు. ఈ అంకెలు చేయి తిరిగిన గ్రూమర్‌కు, నెమ్మదిగా సహకరించే కుక్కకు వర్తించే అంచనాలు. కేంద్రాన్ని బట్టి, పరికరాలను బట్టి అవి అటూ ఇటూ అవుతాయి గానీ, వాటి మధ్య నిష్పత్తి పెద్దగా మారదు.

పరిమాణం చెప్పేదెంత

బరువును బట్టి ధర పెంచుకుంటూ పోవడం తప్పుదారి పట్టించే పద్ధతి. ఎందుకంటే గ్రూమర్ పని చేసేది కుక్క బరువు మీద కాక దాని ఒంటి ఉపరితలం మీద. ఒకే ఆకారంలో ఉన్న రెండు జంతువుల్లో ఒకటి ఐదు కిలోలు, మరొకటి నలభై కిలోలు ఉంటే బరువులో తేడా ఎనిమిది రెట్లు, ఉపరితలంలో తేడా నాలుగు రెట్లే. దానికి తోడు పరీక్ష, గోళ్ళు, చెవులు, చివరి పరిశీలన వంటి పనులు ఏ కుక్కకైనా దాదాపు ఒకే సమయం తీసుకుంటాయి. పెద్ద కుక్కకు గోళ్ళేమీ ఎక్కువ ఉండవు కదా. కాబట్టి పొట్టి బొచ్చున్న ఐదు కిలోల కుక్కకు స్థిరమైన 25 నిమిషాలకు స్నానం, ఆరబెట్టడం పదిహేను నిమిషాలు కలిపి నలభై అనుకుంటే, అదే రకం నలభై కిలోల కుక్కకు 25కు అరవై కలిపి 85 నిమిషాలు అవుతాయి. ఎనిమిది రెట్ల బరువుకు రెండు రెట్లకు కొద్దిగా మించిన సమయం. కిలో లెక్కన ధర కట్టే కేంద్రం తెలియకుండానే పెద్ద కుక్కల యజమానుల దగ్గర ఎక్కువ తీసుకుని, చిన్న కుక్కల మీద నష్టపోతుంది.

పరిమాణం నిజంగా భారమయ్యే సందర్భాలు లేకపోలేదు. టబ్బులోకి, బల్ల మీదికి తనంతట తాను ఎక్కలేని వృద్ధ కుక్క నలభై కిలోలు ఉంటే దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఆ ఖర్చు పరిమాణానికి సంబంధించినదే అయినా, ఎక్కగలిగే కుక్కలకు వర్తించదు గనుక పట్టికలోని మూల ధరలో కలపకుండా విడిగా చూపడం మేలు.

బొచ్చు రకం పరిమాణం కంటే బలమైన సూచిక. బీగిల్, పగ్ వంటి పొట్టి బొచ్చు జాతులకు స్నానమే ప్రధానమైన పని. లాబ్రడార్, హస్కీ, జర్మన్ షెపర్డ్ వంటి వాటికి పై బొచ్చు కింద మెత్తని ఉన్నిలాంటి మరో పొర ఉంటుంది. ఆ పొర రాలే కాలంలో ఆరబెట్టే దశకు మామూలు కంటే ఇరవై నిమిషాలో అరగంటో ఎక్కువ పట్టవచ్చు. పూడుల్, షీట్జూ, బిషాన్ వంటి జాతుల వెంట్రుక పెద్దగా రాలకుండా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి కత్తిరింపు తప్పదు, ఎక్కువ సమయం వెళ్ళేది కూడా అక్కడే. కొన్ని టెర్రియర్ల ముతక బొచ్చును కత్తిరించకుండా చేత్తో పీకి తీసే పద్ధతి ఉంది. అది గంటల కొద్దీ సాగే ప్రత్యేకమైన పని కనుక దాదాపు ప్రతిచోటా విడిగా గంట లెక్కనే ధర చెబుతారు.

ఈ నిమిషాలకు వెల కట్టాలంటే ఒక నిమిషం ధర ఎంతో తేలాలి. అద్దె, నీరు, కరెంటు, షాంపూ, బ్లేడ్లకు పదును పెట్టించడం, బీమా, జీతాలు, యజమాని తనకు తాను ఇచ్చుకోవలసిన జీతం అన్నీ కలిపి వచ్చిన మొత్తాన్ని జంతువు మీద పని జరిగే నిమిషాలతో భాగించాలి. రోజుకు ఎనిమిది గంటలు తలుపు తెరిచి ఉన్నా, బల్ల శుభ్రం చేయడానికి, ఫోన్లు ఎత్తడానికి, చెప్పిన వేళకు రాని వారి కోసం ఎదురు చూడటానికి రెండు గంటలు పోతే మిగిలేవి ఆరే. ఎనిమిదితో భాగించిన వారి నిమిషం ధర ఉండవలసిన దానికంటే పాతిక శాతం తక్కువగా తేలుతుంది. రోజంతా ఖాళీ లేకుండా పని చేస్తున్నా చేతిలో ఏమీ మిగలడం లేదని చెప్పే గ్రూమర్ల లెక్కల్లో మొదట చూడవలసిన అంకె ఇదే.

అలాగని గడియారం చూసి బిల్లు వేస్తే మరో అన్యాయం తలెత్తుతుంది. అనుభవజ్ఞుడు గంటా నలభై ఐదు నిమిషాల్లో ముగించే షీట్జూను కొత్తగా చేరిన సహాయకుడు రెండు గంటల నలభై ఐదు నిమిషాలు చేస్తే, ఆ అదనపు గంటను కుక్క యజమాని భరించాలనడం సమంజసం కాదు. అందుకే అనుభవం ఉన్న కేంద్రాలు ప్రతి జాతికి, ప్రతి కత్తిరింపుకు ఒక ప్రామాణిక సమయాన్ని నిర్ణయించుకుని దానిమీదే మూల ధర చెబుతాయి. పని చేసిన వ్యక్తి నెమ్మదితనం ఆ కేంద్రం ఖర్చే. జంతువు బొచ్చు స్థితి వల్ల, ప్రవర్తన వల్ల పెరిగిన సమయం మాత్రమే యజమాని ఖాతాలోకి వెళుతుంది. అదనపు రుసుముల గొడవలన్నీ పుట్టేది ఈ రెండింటిని విడదీయకపోవడం వల్లనే అని నా అభిప్రాయం.

అట్టకట్టిన బొచ్చు

ఊడిన వెంట్రుకలు రాలిపోకుండా పక్క వెంట్రుకలతో చిక్కుపడి, తేమ, రాపిడి తోడై ముద్దగా మారడాన్ని అట్టకట్టడం అంటాం. చెవుల వెనుక, పట్టీ కింద, ముందు కాళ్ళ చంకల్లో, తోక మొదట్లో, తొడల లోపలి వైపు, వేళ్ళ సందుల్లో ఇది మొదలవుతుంది. ప్రతిరోజూ దువ్వే ఇళ్ళలో కూడా ఇది కనిపించడానికి ఒక ప్రత్యేకమైన కారణం ఉంది. సన్నని వంపు తీగలున్న స్లిక్కర్ బ్రష్ పై పొర మీద హాయిగా జారిపోతుంది, కుక్క మెత్తగా, పొంగుగా కనిపిస్తుంది. అదే చోట బొచ్చును పాయలుగా విడదీసి లోహపు దువ్వెనను చర్మం దాకా దింపితే, అది చర్మానికి ఒక సెంటీమీటరు పైన ఆగిపోతుంది. అట్ట ఉన్నది ఆ ఒక్క సెంటీమీటరులోనే. రోజూ దువ్వుతున్నామని చెప్పే యజమాని అబద్ధమాడటం లేదు, అట్ట ఉందని చెప్పే గ్రూమర్ కూడా అబద్ధమాడటం లేదు. యజమాని ఎదుటే దువ్వెన దింపి చూపిస్తే సగం వాదన అక్కడే ముగుస్తుంది.

ఇదే కారణంగా, అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసిన వారిని మీ కుక్క బొచ్చు అట్టకట్టిందా అని అడగడం వల్ల ప్రయోజనం లేదు. అందరూ లేదనే చెబుతారు. కిందటిసారి కత్తిరింపు జరిగి ఎన్ని వారాలైంది, చెవి వెనుక లోహపు దువ్వెన చర్మం దాకా దిగుతోందా, ఈ మధ్య ఇంట్లో స్నానం చేయించారా అని అడిగితే అంచనాకు పనికొచ్చే జవాబులు వస్తాయి. మూడో ప్రశ్న ఎందుకంటే, చిక్కులు తీయకుండా స్నానం చేయించి వదిలేసిన అట్టలు ఆరే కొద్దీ మరింత బిగుసుకుపోతాయి. పూడుల్ రకం బొచ్చుకు నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి కత్తిరింపు ఉంటే మూల ధర సరిపోతుంది. వ్యవధి పన్నెండు వారాలకు చేరితే మొదటే ఎక్కువ సమయం కేటాయించి, ధరను ఒకే అంకెగా కాకుండా ఇంత నుంచి ఇంత వరకు అని చెప్పడం మంచిది.

అట్టలు కనిపించాక దారులు రెండే. ఒకటి, దువ్వెనతో, చిక్కులు తీసే పనిముట్లతో విడదీయడం. రెండోది, అట్ట కింది నుంచి క్లిప్పర్ పోనిచ్చి తీసేయడం. విడదీసేటప్పుడు చర్మం లాగబడుతుంది కాబట్టి అది నొప్పి కలిగించే పని. అందుకే చాలామంది గ్రూమర్లు దానికి ఒక గరిష్ఠ పరిమితి పెట్టుకుంటారు. యజమాని ఎంత డబ్బిస్తానన్నా ఆ పరిమితి దాటకూడదనేది నా పక్షం కూడా. రెండు గంటల పాటు చర్మం లాగించుకున్న కుక్క ఆ తర్వాత ప్రతి సందర్శనలోనూ దువ్వెన చూడగానే వెనక్కి తగ్గుతుంది.

క్లిప్పర్‌తో తీసేయడం సులువనిపిస్తుంది గానీ, దానికి దాని చిక్కులున్నాయి. వెంట్రుకను పొడవుగా మిగిల్చే ప్లాస్టిక్ దువ్వెన తొడుగులు అట్టలో కదలవు కనుక, బ్లేడు అట్టకు, చర్మానికి మధ్యన దూరవలసిందే. అంటే సుమారు మూడు మిల్లీమీటర్లు మిగిల్చే 7ఎఫ్ బ్లేడు, మరీ బిగుసుకున్న చోట ఒకటిన్నర మిల్లీమీటరు మిగిల్చే 10వ నంబరు బ్లేడు. పొడవు కాస్త ఉంచమని యజమాని బతిమాలినా ఉంచడానికి వీలుండదు. ఆ మందంలో బ్లేడు త్వరగా వేడెక్కుతుంది, చల్లబడే వరకు మరొకటి మార్చుకోవాలి, మురికి బొచ్చులో పదును కూడా తొందరగా పోతుంది. అట్ట కింద పుండ్లు, తేమకు నానిన చర్మం, పిడుదులు బయటపడవచ్చు. అట్ట బిగిసిన చెవిని గొరిగిన తర్వాత కుక్క తల గట్టిగా విదిలిస్తే చెవి తమ్మెలో రక్తం గూడుకట్టే ప్రమాదముంది. ఇవన్నీ పని మొదలయ్యే ముందే యజమానికి చెప్పి, రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. రెండు పొరల బొచ్చున్న జాతుల విషయంలో మరో హెచ్చరిక కూడా అవసరం: పూర్తిగా గొరిగిన బొచ్చు మళ్ళీ మునుపటిలా సమానంగా పెరుగుతుందన్న హామీ లేదు.

ఒక కేసును మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. పూడుల్ సంకరమైన 28 కిలోల కుక్క, ఒంటి మీద ఐదు సెంటీమీటర్ల బొచ్చు, కిందటి కత్తిరింపు జరిగి మూడు నెలలు. బొచ్చు బాగా ఉండి ఉంటే దాని ప్రామాణిక సమయం 150 నిమిషాలు: పరీక్షకు పది, గోళ్ళు, చెవులకు పది, దువ్వడానికి పదిహేను, స్నానానికి ఇరవై, ఆరబెట్టడానికి నలభై, క్లిప్పర్‌కు పాతిక, కత్తెర పనికి ముప్పై. దువ్వెన దింపి చూస్తే వీపు, పక్కలు శుభ్రంగా ఉన్నాయి. చెవుల వెనుక, తోక మొదట్లో, నాలుగు కాళ్ళ లోపలి వైపు, చంకల్లో అట్టలున్నాయి.

ఇక్కడ చూపుతో అంచనా వేయడం కంటే కొలిచి చూడటం నమ్మదగినది. కాలి లోపల అరచేయంత భాగాన్ని ఎంచుకుని దాన్ని పూర్తిగా విడదీసి సమయం చూసుకుంటే ఆరు నిమిషాలైంది. అలాంటి భాగాలు లెక్కపెడితే పదిహేను. అన్నింటినీ విడదీయాలంటే తొంభై నిమిషాలు కావాలి, అంటే మొత్తం పని నాలుగు గంటలు. కేంద్రం పరిమితి అరగంట. అందుకని యజమానికి ఫోన్ చేసి, అరగంటలో ఐదు భాగాలు కాపాడగలమని, అవి ఏవి కావాలో ఎంచుకోమని అడిగారు. ఆకారం నిలబడేది చెవులు, తోక వల్లే కాబట్టి వాటిని విడదీసి, కాళ్ళు, చంకలు పొట్టిగా తీసేయడానికి అంగీకారం కుదిరింది.

ఇప్పుడు బిల్లు. మూల సమయం 150 నిమిషాలు. చెవులు, తోక విడదీయడానికి ముప్పై. స్నానానికి ముందే కాళ్ళను, చంకలను క్లిప్పర్‌తో తీయడానికి పాతిక. అయితే పొట్టిగా తీసిన కాళ్ళకు కత్తెర పని ఉండదు, అక్కడ పదిహేను నిమిషాలు మిగిలాయి. కాళ్ళు త్వరగా ఆరుతాయి, మరో ఐదు మిగిలాయి. అంటే 205లో ఇరవై తీసేసి 185. ఈ తీసివేతను బిల్లులో చూపే కేంద్రాలు తక్కువ, చూపవలసిన అవసరం మాత్రం ఎంతో ఉంది. బొచ్చంతా తీసేశారు, పైగా అదనంగా వసూలు చేశారు అని యజమాని ఫిర్యాదు చేసినప్పుడు, మిగిలిన నిమిషాలను కూడా లెక్కలోకి తీసుకున్న బిల్లుకే సమాధానం చెప్పే అర్హత ఉంటుంది. ఒళ్ళంతా అట్టకట్టి మొత్తం గొరిగించవలసిన కుక్క విషయంలో ఈ లెక్క మరింత ఆసక్తిగా ఉంటుంది: నెమ్మదిగా సాగే గొరుగుడుకు పెరిగే సమయం, కత్తెర పని, దువ్వడం, ఆరబెట్టడంలో తగ్గే సమయం దాదాపు ఒకదాన్నొకటి కొట్టేసుకోవచ్చు. అప్పుడు అదనపు రుసుముకు మిగిలే కారణాలు బ్లేడ్ల అరుగుదల, చర్మానికి ఉండే ప్రమాదం మాత్రమే. ఆ మేరకే అడగాలి.

మొండికేసే జంతువులు, అదనపు రుసుము

ఇదే కుక్క గోళ్ళు తీసేటప్పుడు ప్రతిసారీ కాలు వెనక్కి లాక్కుంది. ఒకరు పట్టుకుని మరొకరు తీయవలసి రావడంతో రెండో మనిషి పదిహేను నిమిషాలు వెచ్చించాడు. ఆ పదిహేనూ కలిపితే బిల్లు 200 నిమిషాలకు, అంటే మూల ధర మీద మూడో వంతు ఎక్కువకు చేరింది. చాలా కేంద్రాల్లో ఈ రుసుమును ఇలా కాకుండా, కష్టమైన కుక్క అని ముద్ర వేసి మొత్తం బిల్లు మీద ఒక శాతంగా వేస్తారు. ఆ పద్ధతిలో రెండు లోపాలున్నాయి.

మొదటిది ఒకే దానికి రెండుసార్లు వసూలు చేయడం. కుక్క పెనుగులాడటం వల్ల చిక్కులు తీసే పని ఇరవైకి బదులు ముప్పై నిమిషాలు పట్టిందనుకుందాం. ఆ ముప్పైనీ అట్టల రుసుము కింద వసూలు చేసి, మళ్ళీ మొత్తం మీద ప్రవర్తన శాతం వేస్తే, పెనుగులాట వల్ల పెరిగిన పది నిమిషాలకు యజమాని రెండుసార్లు చెల్లించినట్టు. గడియారం ఇప్పటికే పట్టుకున్నదాన్ని ప్రవర్తన రుసుములో చేర్చకూడదు. రెండో మనిషి సమయం, మూతికి తొడుగు వేసి మధ్యమధ్య విరామాలతో పని చేయవలసి రావడం వల్ల ఆ రోజు ఖాళీగా వదలవలసి వచ్చిన తర్వాతి అపాయింట్‌మెంట్, ఇటువంటివి బల్ల దగ్గరి గడియారానికి అందవు. రుసుము వాటికే పరిమితం కావాలి.

రెండో లోపం మరింత లోతైనది. అట్టకట్టిన చంకలో దువ్వెన పెట్టినప్పుడు పళ్ళు చూపించిన కుక్క స్వభావంతో చెడ్డది కాకపోవచ్చు, దానికి నొప్పి పుట్టింది. చెవి ముట్టుకోగానే తల విదిలించే కుక్కకు చెవిలో ఇన్ఫెక్షన్ ఉండవచ్చు. వెనుక కాలు ఎత్తితే గురాయించే పన్నెండేళ్ళ కుక్కకు కీళ్ళ నొప్పులు ఉండవచ్చు. ఇన్నాళ్ళూ నిలకడగా ఉండి ఒక్కసారిగా మారిపోయిన కుక్క విషయంలో గ్రూమర్ చేయవలసిన మొదటి పని పశువైద్యుడికి చూపించమని చెప్పడం. అందువల్ల ప్రవర్తనను అంచనా వేసేటప్పుడు నొప్పిలేని చోట, నొప్పిలేని పనిలో అది ఎలా ఉందో చూడాలి. అట్టల మీద పని చేస్తున్నప్పుడు చూపిన కోపానికి అట్టల రుసుమే చాలు.

రికార్డు కార్డులో రాసే మాటలకు కూడా ధరతో సంబంధం ఉంది. మొండి కుక్క అని రాసిపెడితే ఆ మాట ఏళ్ళ తరబడి దాన్ని వెంటాడుతుంది, రుసుమూ అలాగే కొనసాగుతుంది. ముందు కుడి కాలి గోళ్ళ దగ్గర కాలు లాక్కుంటుంది, బ్లోయర్ తలకు దగ్గరగా వస్తే అరుస్తుంది, చెవులకు పట్టీ చుడితే ఊరుకుంటుంది అని రాస్తే, తర్వాతిసారి ఎవరు చేసినా ఎక్కడ ఇద్దరు కావాలో, ఎక్కడ అక్కరలేదో ముందే తెలుస్తుంది. కాలు లాక్కోవడం మానిన రోజున రుసుము కూడా ఆగిపోతుంది. ఆరోపణలాగా వినిపించదు కాబట్టి యజమానికి చదివి వినిపించడానికీ ఇబ్బంది ఉండదు.

పగ్, బుల్‌డాగ్ వంటి పొట్టి ముక్కు జాతులకు మూతి తొడుగు, ఎక్కువ సేపు వేడిగాలి రెండూ ప్రమాదకరం. అవి పెనుగులాడితే గట్టిగా పట్టుకుని త్వరగా ముగించడం కంటే పనిని రెండు రోజులకు విడగొట్టడం సురక్షితం. రెండోసారి రావడం వల్ల పరీక్ష, సర్దుబాటు సమయం మళ్ళీ పడుతుంది కనుక అదనంగా ఒక పావుగంట ధర అడగడంలో తప్పు లేదు.

పిల్లుల విషయంలో ఈ లెక్క మరో రకంగా ఉంటుంది. ఇంటి పిల్లుల మధ్య పరిమాణంలో తేడా తక్కువ, కాబట్టి ఆ వరుసలకు అర్థం లేదు. పొడవు బొచ్చా పొట్టి బొచ్చా, అట్టలున్నాయా లేదా అన్నవే మిగులుతాయి. పిల్లి చర్మం పలచన, సులువుగా సాగుతుంది, అట్టను పైకి లాగితే చర్మం కూడా దానితో పాటు లేచి బ్లేడుకు అందుతుంది. అందుకే పిల్లికి ఇద్దరు మనుషులు అనేది ప్రత్యేక రుసుముగా కాక మూల ధరలోనే ఉండటం సబబు. నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టిన పిల్లి మీద పని ఆపేయాలి. మత్తు ఇచ్చి చేయవలసినంత పరిస్థితి ఉంటే అది పశువైద్యశాలలో జరగవలసిన పని, గ్రూమింగ్ కేంద్రం పట్టికలో దానికి చోటు లేదు.

పని మధ్యలో ఆపేస్తే ఎంత తీసుకోవాలన్నది చాలా పట్టికలు తేల్చకుండా వదిలేసే ప్రశ్న. పూర్తి చేస్తేనే డబ్బు అనే నియమం వినడానికి న్యాయంగా ఉంటుంది గానీ, దాని ఫలితం జంతువు మీద పడుతుంది: మూడు వంతుల పని అయ్యాక కుక్క తట్టుకోలేని స్థితికి చేరిందని తెలిసినా, ఆదాయం పోతుందనే ఆలోచనతో గ్రూమర్ ముందుకే వెళతాడు. దీనికి విరుగుడుగా, ఆపిన క్షణం వరకు పూర్తయిన దశల ప్రామాణిక సమయానికి ధర తీసుకుని, ఆపిన కారణాన్ని కార్డులో రాసి, మిగిలిన పనికి తేదీ ఇవ్వాలి. పై కుక్కే స్నానం, ఆరబెట్టడం ముగిశాక కత్తెర దశలో కరవబోయిందనుకుంటే, 200 నిమిషాల బిల్లులో కత్తెర పనికి మిగిలిన పదిహేను తీసేసి 185కే ధర అడగాలి. క్లిప్పర్‌తో సమంగా తీసిన ఒళ్ళు, కాస్త గుబురుగా మిగిలిన ముఖంతో ఆ కుక్క ఇంటికి వెళ్ళడంలో నష్టమేమీ లేదు. ఈ నియమం అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే యజమానికి తెలిసి ఉండాలి. కౌంటర్ దగ్గర మొదటిసారి వింటే అది సాకులాగే వినిపిస్తుంది.